శాశ్వత శిక్షే పెద్ద శిక్షా? కుమ్మక్కు గురించి అపోహలు – వాస్తవాలు

నేను పీజీ పిల్లలకు గేమ్ థియరీ చెప్తాను, అప్పుడప్పుడూ కాంపిటీషన్ కేసులు చూసే లాయర్లకు లెక్కలు చేసి పెడతాను. పోటీ మానేసి రేట్లు పెంచుకునే కంపెనీల కుమ్మక్కు గురించి రెండు చోట్లా నాకు ఎదురయ్యే మాట ఒకటే: "రేట్లు కొన్నాళ్లే పడ్డాయండీ, మళ్లీ లేచాయి. ఇంత మెత్తని శిక్షతో కుమ్మక్కు ఎలా నిలబడుతుంది? అంటే కుమ్మక్కు లేనట్టే కదా!" ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ ఒక్క పొరపాటుతో కేసు మొత్తం తలకిందులవుతుంది.

అపోహ: ఎవరైనా మాట తప్పితే ఇక ఎప్పటికీ పోటీయే (గ్రిమ్ ట్రిగ్గర్) అన్న బెదిరింపును మించిన శిక్ష లేదు.

శాశ్వతం అన్నది సరే, శాశ్వతంగా ఉండబోయేది ఏమిటో చూడండి. ఎంత ఉత్పత్తి చేయాలో ఎవరికి వారు తేల్చుకునే కూర్నో పోటీలో కూడా కంపెనీలకు లాభాలొస్తాయి. మాట తప్పినవాడిని జీవితాంతం ఓ మోస్తరు లాభంలో ఉంచడం అంత పెద్ద శిక్షేమీ కాదు.

రెండు కంపెనీలు, ధర = 130 − మొత్తం ఉత్పత్తి, యూనిట్ ఖర్చు 10 అనుకుందాం. కుమ్మక్కై చెరి 30 యూనిట్లు చేస్తే ఒక్కొక్కరికి లాభం 1800. ఒకడు దొంగచాటుగా 45 చేస్తే ఆ ఒక్కసారికి వాడికి 2025, అంటే 225 అదనం. మామూలు కూర్నో పోటీలో చెరి 40, లాభం 1600. కాబట్టి గ్రిమ్ ట్రిగ్గర్‌లో దొంగకు విడతకు పోయేది 200 మాత్రమే. ఆ 200 ఎప్పటికీ పోతుందన్న భయం 225 ఆశను ఆపాలంటే డిస్కౌంట్ ఫ్యాక్టర్, అంటే తర్వాతి విడతలో వచ్చే రూపాయికి ఇవాళ ఇచ్చే విలువ, కనీసం 9/17, సుమారు 0.53, ఉండాలి.

ఇప్పుడు బెత్తం–బెల్లం పద్ధతి, 1986లో దిలీప్ అబ్రూ చూపించినది. ఎవరు తప్పినా తర్వాతి ఒక్క విడత ఇద్దరూ చెరి 50 చేసి మార్కెట్‌ను ముంచెత్తుతారు. ధర 70 నుంచి 30కి పడుతుంది, లాభం 1000కి దిగుతుంది. ఆ మరుసటి విడత మళ్లీ 30, మళ్లీ 1800. దెబ్బ ఒక్కసారే, కానీ 800 దెబ్బ. 225 ఆశను ఆపడానికి 225/800, అంటే 9/32, సుమారు 0.28 చాలు. ఫ్యాక్టర్ 0.4 ఉన్న చోట గ్రిమ్ ట్రిగ్గర్ మోనోపలీ ధర అయిన 70ని నిలబెట్టలేదు (అంతకంటే తక్కువ ధరకు కొంత కుమ్మక్కు సాధ్యమే, అది వేరే సంగతి), బెత్తం–బెల్లం మాత్రం నిలబెడుతుంది. తప్పు ఆలస్యంగా బయటపడే చోట, టెండర్లు ఏళ్లకొకసారి వచ్చే చోట ఫ్యాక్టర్ తక్కువగా ఉంటుంది. అందుకే ఈ తేడా కాగితం మీదే ఆగిపోదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, అక్కడ నేనూ దొరికిపోయాను. నా వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "కొట్టేవాడికి కూడా దెబ్బ తగులుతోంది కదా బాబూ, మరి వాడెందుకు కొడతాడు?" అని అడిగితే "పగతో సర్" అన్నాను. గది మొత్తం నవ్వింది. జవాబు బెల్లంలో ఉంది. శిక్ష విడతలో ఎదుటివాడు 50 చేస్తుంటే నాకు మేలు 35 యూనిట్లు చేయడంలో, అప్పుడు 1000 బదులు 1225 వస్తుంది. కానీ నేను అలా జారుకుంటే శిక్ష మళ్లీ మొదటి నుంచి మొదలు, 1800 ఇంకో విడత వెనక్కి పోతుంది. ఇక్కడా ఆశ 225, నష్టం 800. తప్పు చేసినవాడు కూడా తన శిక్షలో తానే పాలుపంచుకునేది ఇందుకే. రేట్లు త్వరగా లేచాయంటే శిక్ష మెత్తనిదని కాదు, ఆ లేవడమే శిక్షను నిలబెడుతోంది.

అపోహ: అయితే బెత్తం–బెల్లం ఎక్కడైనా మెరుగే.

కాదు. ఒకే రకం సరుకుతో ధరల మీద పోటీ (బెర్ట్రాండ్) అయితే మామూలు పోటీలోనే లాభం సున్నా. ఏ కంపెనీనీ సున్నాకన్నా కిందికి నెట్టలేరు కాబట్టి అక్కడ గ్రిమ్ ట్రిగ్గరే చాలు.

అపోహ: ధరల యుద్ధం వచ్చిందంటే కార్టెల్, అంటే కుమ్మక్కైన కంపెనీల కూటమి, చచ్చినట్టే.

పై లెక్కలో ఎవరేం చేశారో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి శిక్ష బెదిరింపుగానే మిగిలిపోతుంది. ఎదుటివాడి చేష్ట సరిగ్గా కనబడని చోట, గిరాకీ పడినా మోసమేమోనని శిక్ష నిజంగానే మొదలవుతుంది. 1880లలో షికాగో నుంచి తూర్పు తీరానికి ధాన్యం మోసిన అమెరికా రైలు కంపెనీల కార్టెల్‌లో రేట్లు మధ్యమధ్యలో కుప్పకూలి మళ్లీ లేచేవి, కార్టెల్ మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. కుమ్మక్కై ఉన్న రోజుల్ని, యుద్ధపు రోజుల్ని రాబర్ట్ పోర్టర్ 1983లో విడదీసి చూపించారు.

పరీక్ష ముందు రాత్రి "సర్, నాకు 9/17 వచ్చింది, పుస్తకంలో 9/32 ఉంది, తప్పు చేశానా?" అని టెన్షన్‌తో మెసేజ్ పెట్టే పిల్లలకు: తప్పేం చేయలేదమ్మా, ప్రశ్నలో ఏ శిక్ష అడిగారో ఇంకోసారి చదువు, పడుకో.