పాలు పెరిగాయి, వెన్న ఎందుకు తగ్గింది?

వేసవి ముదిరి పచ్చగడ్డి కరువైనప్పుడు, చిత్తూరు పల్లెల్లో చాలామంది రైతులు ఆ లోటును దాణాతో పూడుస్తారు. పాలు అర లీటరో లీటరో పెరుగుతాయి. వారం తిరిగేసరికి పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. పశువైద్యం చదివే విద్యార్థులు ముందుగా విప్పవలసిన చిక్కుముడి ఇదే. మేత పాలుగా మారే దారి మొత్తం ఇందులో కనిపిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 400 కిలోల సంకర జెర్సీ ఆవుకు రోజూ 20 కిలోల నేపియర్ గడ్డి, 3 కిలోల వరిగడ్డి, 5 కిలోల దాణా పెడుతున్నామనుకోండి. పచ్చగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే. నీరంతా తీసేస్తే ఆవు తిన్న పొడి పదార్థం సుమారు 11.2 కిలోలు. అందులో 60 శాతం గడ్డి నుంచే వస్తుంది. ఆవు 4.2 శాతం వెన్నతో 11 కిలోల పాలిస్తోంది. వేసవిలో నేపియర్ 8 కిలోలకు, వరిగడ్డి 2 కిలోలకు తగ్గి, దాణా ఎనిమిదిన్నర కిలోలకు పెరిగింది. పొడి పదార్థం దాదాపు అంతే, 11 కిలోలు. కానీ గడ్డి వాటా 31 శాతానికి పడిపోయింది. పాలు 12 కిలోలయ్యాయి, వెన్న 3.1 శాతానికి దిగింది.

ఆవు తిన్నది ముందుగా చేరేది కడుపులోని మొదటి పెద్ద అర అయిన రూమెన్‌కు. అక్కడి సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆవుకు అందే శక్తిలో పెద్ద భాగం ఈ మూడింటిదే. పీచును కరిగించే సూక్ష్మజీవుల వల్ల ఎసిటేట్ ఎక్కువగా వస్తుంది. పొదుగు దాన్ని వెన్నగా మారుస్తుంది. గింజల పిండి పదార్థం పులిస్తే ప్రొపియోనేట్ వాటా పెరుగుతుంది. కాలేయం దాన్ని గ్లూకోజుగా, పొదుగు ఆ గ్లూకోజును పాలలోని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెర ఎంత ఉంటే అంత నీటిని పొదుగులోకి లాగుతుంది. అందుకే దాణా పెరగగానే పాల కొలత పెరిగింది.

వెన్న పడిపోవడానికి ఎసిటేట్ తగ్గడమొక్కటే కారణమని చెప్పడం నాకు సరిపోదనిపిస్తుంది. అసలు కథ నెమరు దగ్గర మొదలవుతుంది. గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలంలో సోడా వంటి లవణాలుంటాయి. పెద్ద ఆవులో అది రోజుకు 100 లీటర్లకు పైనే ఊరి, రూమెన్‌లోని ఆమ్లాన్ని విరుస్తుంది. గడ్డి తగ్గితే నెమరు తగ్గుతుంది, లాలాజలమూ తగ్గుతుంది. పైగా నాలుగు కిలోల దాణా ఒక్క పూటలో పడితే ఆమ్లం ఒక్కసారిగా పోగవుతుంది. పి.హెచ్. 6 కంటే దిగితే పీచును కరిగించే సూక్ష్మజీవులు చతికిలబడతాయి. మేతలోని నూనెలకు హైడ్రోజన్ చేర్చే పని కూడా దారి తప్పుతుంది. అప్పుడు మధ్యలో పుట్టే ఒక కొవ్వు ఆమ్లం రక్తంలో కలిసి పొదుగుకు చేరి, వెన్న తయారీనే అణిచేస్తుంది. అది రోజుకు కొన్ని గ్రాములు చేరినా చాలు.

ఇక మేత పాలుగా మారే సామర్థ్యం సంగతి. పాల కిలోలను మేత కిలోలతో భాగిస్తే, ఆవు మెరుగుపడినట్టే కనిపిస్తుంది. అది తప్పుడు కొలత. వెన్నలో శక్తి చాలా ఎక్కువ కాబట్టి, ముందుగా పాలను 4 శాతం వెన్న ఉన్న పాలకు సరిచూడాలి:

సరిచేసిన పాలు = 0.4 × పాలు + 15 × వెన్న (రెండూ కిలోల్లో)

మొదట 11 కిలోల పాలలో 462 గ్రాముల వెన్న ఉంది కాబట్టి సరిచేసిన పాలు 11.3 కిలోలు. తర్వాత 12 కిలోలలో 372 గ్రాములే, కాబట్టి 10.4 కిలోలు. కిలో పొడి మేతకు లెక్కిస్తే సామర్థ్యం 1.01 నుంచి 0.94కు పడిపోయింది. ఖరీదైన దాణా ఎక్కువగా తిని, ఆవు పాల రూపంలో తక్కువ శక్తి ఇచ్చిందన్నమాట.

అయితే వెన్న తగ్గిన ప్రతిసారీ దాణానే తప్పుపట్టకూడదు. పితకడంలో ముందు వచ్చే పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. పూర్తిగా పితక్కపోయినా, పాలు కలియబెట్టకుండా నమూనా తీసినా శాతం తప్పుగా వస్తుంది. అందుకే కొట్టానికి వెళ్లి ఆవులను చూడండి. నీడలో పడుకున్నవాటిలో కనీసం సగం నెమరు వేస్తూ ఉండాలి, ఒక్కో ముద్దను 50 నుంచి 70 సార్లు నమలాలి. పేడ పలచబడి, నురగ పట్టి, అందులో గింజ ముక్కలు కనిపిస్తుంటే అనుమానం బలపడుతుంది.

సరిచేయడానికి ముందు గడ్డి వాటాను మళ్లీ సగానికి పైగా తీసుకురావాలి. చిత్తూరు జిల్లాలో నూర్పిళ్ల తర్వాత దొరికే వేరుశనగ కట్టె దీనికి బాగా పనికొస్తుంది. వరిగడ్డి కంటే దానిలో మాంసకృత్తులు ఎక్కువ. కట్టెను మరీ పొడిచేస్తే ఆవు నమలదు, కాబట్టి వేలెడు ముక్కలుగా ఉంచండి. దాణాను నాలుగు పూటలుగా పంచి, ప్రతిసారీ ముందు గడ్డి వేయండి. తినే సోడా రోజుకు 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలపవచ్చు. కానీ అది గడ్డికి బదులు కాదు.

మార్పు మర్నాడే కనిపించదు. వెన్న కోలుకోవడానికి పది రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికీ లేవకపోతే దాణాలో నూనె ఎంత ఉందో చూడండి. నూనె తీయని తవుడు ఎక్కువగా పడుతున్న ఆవుల్లో, గడ్డి సరిపడా ఉన్నా వెన్న కిందికే ఉండిపోతుంది.