నిప్పురవ్వలు చిమ్మే మిక్సీలో అరిగిన కార్బన్ బ్రష్‌లు

ఒడిశా సరిహద్దులోని రాయగడలో మా పెద్దమ్మ ఇడ్లీకి మినపపప్పు రుబ్బుతుండగా మిక్సీ అడుగున ఉన్న గాలి రంధ్రాలలోంచి నీలిరంగు మెరుపులు కనిపించాయి. కాలిన వాసనతో పాటు మోటారు మోత కూడా తగ్గింది. “నాయనా, ఇది నిప్పులు కక్కుతోంది, కొత్తది కొనాలేమో” అన్నది ఆమె. మోటారు మోత తగ్గకుండా బ్లేడు మాత్రమే నెమ్మదిగా తిరిగితే జార్ కింద మోటారును బ్లేడుకు కలిపే కప్లరును అనుమానించాలి. మోత తగ్గడమూ రవ్వలు రావడమూ కలిసి కనిపించినప్పుడు మాత్రం ముందుగా చూడవలసినవి కార్బన్ బ్రష్‌లు.

మిక్సీలోనూ చేతి డ్రిల్లులోనూ సాధారణంగా ఉండేది ఒకే రకం మోటారు. తీగచుట్టలతో తిరిగే భాగమైన ఆర్మేచర్‌కు కరెంటు చేరాలంటే, దాని ఇరుసు మీద రాగి పలకలతో చేసిన కమ్యుటేటర్ అనే వలయానికి రెండు కార్బన్ ముక్కలు ఇరువైపులా ఆనుకొని ఉండాలి. తొలి రోజుల్లో ఈ పనికి రాగి తీగల కుచ్చులు వాడేవారు కనుక బ్రష్ అన్న పేరు వచ్చింది. కార్బన్ బ్రష్‌కు 1885లో జార్జ్ ఫోర్బ్స్ పేటెంటు పొందాడు. గ్రాఫైటు కలిసిన కార్బన్ తానే కందెనగా పనిచేస్తూ, రాగిని కాపాడి తాను అరుగుతుంది. మిక్సీ నిమిషానికి 18,000 సార్లు తిరిగితే, 23 మిల్లీమీటర్ల వ్యాసం గల కమ్యుటేటర్ అంచు గంటకు సుమారు 78 కిలోమీటర్ల వేగంతో బ్రష్‌ను రాసుకుంటూ పోతుంది.

ప్రతి రాగి పలక బ్రష్ కిందినుంచి తప్పుకునే క్షణంలో దానికి కలిసిన తీగచుట్టలో కరెంటు దిశ మారాలి. ఆ మార్పు పూర్తి కాకముందే పలక తప్పుకుంటే మిగిలిన శక్తి రవ్వగా బయటపడుతుంది. అందువల్ల బ్రష్ అంచున సన్నని మెరుపు ఉండటం దోషం కాదు. అసలు చిక్కు స్ప్రింగు దగ్గర మొదలవుతుంది. కొత్త బ్రష్ వెనుక స్ప్రింగు 14 మిల్లీమీటర్లు నొక్కుకొని ఉందనుకుందాం. బ్రష్ 10 మిల్లీమీటర్లు అరిగేసరికి ఆ నొక్కుడు 4 మిల్లీమీటర్లే మిగులుతుంది, అంటే ఒత్తిడి మూడో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. అప్పుడు బ్రష్ రాగి మీద నిలకడగా ఆనకుండా ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ రవ్వ పుడుతుంది, ఆ రవ్వ రాగిని గరుకు చేస్తుంది, గరుకైన రాగి బ్రష్‌ను మరింత త్వరగా తింటుంది. మధ్యమధ్య తెగే కరెంటుతో నడవడం వల్ల మోటారు బలమూ తగ్గుతుంది.

ప్లగ్గును గోడనుంచి పూర్తిగా తీసిన తర్వాత మిక్సీని బోర్లించి, అడుగు స్క్రూలు విప్పి, వైర్ల అమరికను ఫోటో తీసుకున్నాను. కమ్యుటేటర్‌కు ఇరువైపులా ఉన్న గూళ్లలోంచి వచ్చిన బ్రష్‌లలో ఒకటి 5, మరొకటి 6 మిల్లీమీటర్లు ఉన్నాయి. కొత్తవి 15 మిల్లీమీటర్లు. చాలా డ్రిల్లులలో ఇంత విప్పవలసిన పని లేదు. పక్కల ఉన్న రెండు మూతలు తిప్పితే బ్రష్‌లు బయటికి వస్తాయి.

బజారుకు పాత ముక్కను వెంట తీసుకువెళ్లాలి, ఎందుకంటే వెడల్పు, మందం రెండూ సరిపోవాలి. కొద్దిగా లావైనది గూటిలో బిగుసుకొని స్ప్రింగు తోసినా ముందుకు రాదు, సన్ననిది లోపల ఊగుతుంది. ఒకటే బాగా అరిగినట్లు కనిపించినా రెండింటినీ కలిపి మార్చాలి. గూళ్లలోని నల్ల పొడి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక పొడి కుంచెతో తుడిచి తీయాలి. నూనె మాత్రం ఎక్కడా వేయకూడదు.

రాగి మీది గోధుమరంగు పొరను మురికి అనుకొని ఉప్పుకాగితంతో మెరిపించడం నేను చాలాచోట్ల చూసిన పొరపాటు. అది రాపిడిని తగ్గించే పొర. అది సమానంగా ఉంటే ముట్టుకోకూడదు. ఒకటి రెండు పలకలు మాత్రమే కాలి గుంటలు పడినా, కొత్త బ్రష్‌లు వేసిన తర్వాత కూడా నిప్పు వలయమంతా చుట్టుకొని తిరుగుతున్నా, ఆర్మేచర్ తీగచుట్ట తెగిందనో కలిసిపోయిందనో అనుమానించి మెకానిక్‌కు ఇవ్వాలి.

పెద్దమ్మ మిక్సీలో పలకలన్నీ సమానంగానే ఉన్నాయి. కొత్త బ్రష్‌ల కొన చదునుగా ఉండటం వల్ల మొదట అంచు మాత్రమే ఆని, మళ్లీ రవ్వలు వచ్చాయి. పనిభారం లేకుండా తక్కువ వేగంలో ఒక నిమిషం చొప్పున, మధ్యలో చల్లారనిస్తూ, అయిదారుసార్లు నడిపించాను. కొనలు కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరిగేకొద్దీ మెరుపు సన్నని గీతగా తగ్గింది. మర్నాడు ఆమె మళ్లీ మినపపప్పు వేసినప్పుడు మోటారు మోత చివరిదాకా పడిపోలేదు.