చివరి పేజీ మీద మీ తగువు గురించి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

బుజ్జికి, చిన్నాకి తాతయ్య దీవెనలు.

డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చదివి మీరిద్దరూ రెండు రోజులుగా మాట్లాడుకోవడం మానేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చివర్లో డికెన్స్ హడావిడిగా చుట్టేశాడని బుజ్జి అంటే, కథ చెప్పే పిప్, వాడు ప్రేమించిన ఎస్టెల్లా కలిశారు కదా ఇంకేం కావాలని చిన్నా అన్నాడట. పంచాయితీ నా దగ్గరికి వచ్చింది కాబట్టి తీర్పు చెప్పక తప్పదు.

ముందు ఒక సంగతి తేలాలి. మీరు చదివింది పూర్తి నవలేనా? ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇదే పేరుతో వంద పేజీల పిల్లల పుస్తకం కూడా దొరుకుతుంది. అలా కుదించిన పుస్తకం చదివి ముగింపు మీద తీర్పు చెప్పకూడదు. కుదించేవాళ్లు కథలో జరిగిన పెద్ద విషయాలు ఉంచి, చిన్న చిన్న సంఘటనలు తీసేస్తారు. ముగింపును మోసేవి చాలాసార్లు ఆ చిన్న సంఘటనలే. అవి పోతే ఎంత మంచి ముగింపైనా హఠాత్తుగా ఊడిపడినట్టే ఉంటుంది. మీ పుస్తకంలో 59 అధ్యాయాలుంటే ఈ ఉత్తరం చదవండి. లేకపోతే సిటీ సెంట్రల్ లైబ్రరీలో అడిగి చూడండి.

ముగింపు కుదిరిందా లేదా అని చూసేటప్పుడు నేను చివరి పేజీతో మొదలుపెట్టను. ఈ పుస్తకం నా మనసులో మొదట వేసిన ప్రశ్న ఏమిటని అడుగుతాను. చిన్నా, నీ ప్రశ్న ‘పిప్‌కి ఎస్టెల్లా దక్కుతుందా’ అన్నది. అది ఉంది, కాదనను. కానీ దానికంటే ముందునుంచీ ఇంకోటి నడుస్తోంది: తనను పెంచిన కమ్మరి బావ జో అంటే సిగ్గుపడే ఈ కుర్రాడు ఎప్పటికైనా బాగుపడతాడా? దీనికి జవాబు చివరి అధ్యాయంలో లేదు, దానికి ముందు రెండు అధ్యాయాల్లోనే వచ్చేసింది.

27వ అధ్యాయం తీయండి. జో లండన్ వచ్చి, ఎవరో ఇచ్చిన ఆస్తితో అక్కడ పెద్దమనిషిగా బతుకుతున్న పిప్ గదిలో కూర్చుంటాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక చలిమంట గూటి పైనున్న మాంటెల్ మీద పెడితే అది మాటిమాటికీ జారి కింద పడుతుంటుంది. కొడుకులా పెంచిన పిల్లవాణ్ణి ‘సర్’ అంటాడు. డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చేవాణ్ణని, జోని రాకుండా చేసేవాణ్ణని పిప్పే ఒప్పుకుంటాడు. ఇప్పుడు 57కి రండి. ఆస్తి పోయి, అప్పులపాలై, జబ్బుపడ్డ పిప్‌కి జోనే సేవ చేస్తాడు. మంచం మీదున్నంతకాలం పాతరోజుల్లోలా ‘పిప్, ఓల్డ్ చాప్’ అంటాడు. వీడు కోలుకునేకొద్దీ ఆ పిలుపు తగ్గి మళ్లీ ‘సర్’ వచ్చేస్తుంది. ఒకరోజు పొద్దున్న చూస్తే జో లేడు. చీటీ ఉంది, దాంతోపాటు పిప్ అప్పు తీర్చిన రసీదు. 58లో వీడు ఊరికి పరుగెడతాడు, చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీని పెళ్లాడదామనే ఆశతో కూడా. వెళ్లేసరికి ఆ రోజే బిడ్డీకి, జోకి పెళ్లైపోయింది. క్షమించమని అడుగుతాడు, వాళ్లు క్షమిస్తారు, వీడు ఈజిప్టుకి వెళ్లి గుమాస్తాగా పనిచేసుకుంటాడు.

ఇక్కడ రచయిత మన దగ్గర అప్పు చేసి ఏదీ తేలేదు. ‘పిప్ మారాడు’ అని చెప్పి ఊరుకోలేదు, మార్పుకి వాడు ఏం పోగొట్టుకున్నాడో చూపించాడు. ‘సర్’ అన్న మాట ముప్ఫై అధ్యాయాల క్రితం ఎలా గుచ్చుకుందో మనకి గుర్తుంది కాబట్టి రెండోసారి వినగానే ఎవరూ వివరించనక్కర్లేదు. పేజీలు తక్కువే అయినా హడావిడి అనిపించదు. నిడివి చూసి తొందర అనకండి. ముగింపు మనల్ని నమ్మమన్నదెంత, దానికి ముందు మనకి చూపించిందెంత, ఈ రెండిటికీ మధ్య తేడా చూడండి.

ఇక ఎస్టెల్లా. మీ తగువుని తేల్చే సాక్ష్యం ఒకటుంది. డికెన్స్ మొదట రాసిన ముగింపు వేరు. అందులో వాళ్లు లండన్ వీధిలో కాసేపు కలుస్తారు. మొదటి భర్త పోయాక ఆమె ఒక డాక్టర్ని చేసుకుంది. పిప్ పక్కనున్న జో కొడుకుని చూసి పిప్ కొడుకే అనుకుని, ఎత్తి చూపించమని ముద్దుపెట్టుకుంటుంది. పిప్ ఆ పొరపాటు సరిదిద్దడు. కష్టాలు ఆమెకి మనసంటే ఏమిటో తెలియజేశాయని అనుకుంటాడు, అంతే, కథ కంచికి. 1861లో అది అచ్చుకాకముందే బుల్వర్ లిట్టన్ అనే తోటి నవలాకారుడు చదివి మార్చమన్నాడు. డికెన్స్ మార్చాడు. మీరు చదివింది ఆ మార్చిందే: ఎస్టెల్లాని పెంచిన మిస్ హావిషామ్ ఇంటి పాడుబడ్డ తోట, పొగమంచు, చేతిలో చెయ్యి, ఇక ఎడబాటు నీడ కనిపించలేదన్న మాట. డికెన్స్ పోయాక ఆయన స్నేహితుడు ఫార్‌స్టర్ జీవితచరిత్ర రాస్తూ 1874లో పాతదాన్ని బయటపెట్టాడు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎస్టెల్లా తనకి హృదయం లేదని పుస్తకమంతా చెబుతూనే వచ్చింది. మగవాళ్ల మనసులు విరచడానికే ఆమెను పెంచారు. మొరటు డ్రమ్మెల్‌ని చేసుకుని బాధలుపడింది. ఆ బాధలు మనం చూడలేదు, విన్నాం అంతే. మొదటి ముగింపు మనల్ని నమ్మమన్నది చిన్న విషయం: బాధపడ్డ మనిషి ఇంకొకరి బాధని కాస్త అర్థం చేసుకుంది. సులువుగా నమ్మొచ్చు. రెండోది అడిగేది పెద్దది: ఆమె మారిపోయింది, వీళ్లిక విడిపోరు. అంత పెద్ద మాట ఒక్క సాయంత్రంలో, పదకొండేళ్ల తర్వాత, ఇద్దరూ అనుకోకుండా ఒకే రోజు అక్కడికి రావడం మీద నిలబెట్టాడు.

కానీ బుజ్జీ, నువ్వు అన్నంత అన్యాయం కూడా కాదు. ఆమె ఎందుకొచ్చిందో రచయిత చెప్పాడు: ఆ స్థలంలో కొత్తగా కట్టడం మొదలవబోతోంది, చివరిసారి చూడ్డానికి వచ్చింది. పైగా ఆమె నోటితో ‘దూరంగా ఉన్నా స్నేహితులమే’ అనిపించాడు. ఎడబాటు లేదన్నది పిప్ కంటికి కనిపించింది, జరిగిందని రచయిత అనలేదు. పిప్ కళ్లు మోసపోవడం మనం చాలాసార్లు చూశాం కదా! అలా చదివితే అది అంత తీపి ముగింపు కాదు.

నా తీర్పు ఇదీ: జో కథ పూర్తిగా కుదిరింది, ఎస్టెల్లా కథ సగమే. ఇద్దరూ సగం సగం గెలిచారు, మీ అమ్మని అడిగి ఐస్‌క్రీం కొనిపించుకోండి.

ఇదే పద్ధతిలో మన వీక్లీ సీరియళ్లని చూస్తే ఇంకా తొందరగా తెలిసిపోతుంది. నా దగ్గర పత్రికల్లోంచి చింపి బైండు చేయించిన సీరియళ్లున్నాయి. కొన్నిటిలో నలభై వారాలు ఒక్కో మాట, ఒక్కో చూపు వివరంగా సాగి, ఆఖరి వారంలో ‘ఆరు నెలలు గడిచాయి’ అని వచ్చేస్తుంది. సన్నివేశాలు ఆగిపోయి, సమాచారం మొదలవుతుంది. ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరు జైలుకెళ్లారో పేరాకొకటి చొప్పున. విలన్‌కి యాక్సిడెంట్ అవుతుంది, హీరోయిన్ ఏ నిర్ణయమూ తీసుకోవలసిన పని ఉండదు. రచయితకి ఓపిక అయిపోయిందో, సంపాదకుడు ఇక ముగించమన్నాడో మనకి తెలియదు. పాత్ర చేయవలసిన పనిని లారీ చేసిందని మాత్రం తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం కలిపెయ్యకండి. కొందరు కావాలనే కథని మధ్యలో తెంపేస్తారు, జవాబు చెప్పరు. దాన్ని తొందరనుకోవద్దు. అలాంటి పుస్తకంలో చివరి పేజీలు కూడా నిదానంగానే నడుస్తాయి. ఏ ప్రశ్న ఆపేస్తున్నాడో రచయితకి తెలుసన్న గుర్తులు ముందే ఉంటాయి. తొందరపడ్డ పుస్తకం అన్నిటికీ జవాబులు చెప్పేస్తుంది, ఒక్కదాన్నీ చూపించదు.

57వ అధ్యాయం ఇంకోసారి చదివి, జో ఏ రోజు నుంచి ‘సర్’ అనడం మొదలెట్టాడో నాకు రాయండి. చిన్నా ముందు రాస్తే మంచిది, వాడే తొందరగా చదివేసి ఉంటాడు.

మీ తాతయ్య