120 గొప్పా, 140 గొప్పా? ఏమ్స్ పరీక్షలో కాలనీలను చదవడం

ఒకే రసాయనాన్ని పరీక్షించిన రెండు ప్లేట్లు ఎదురుగా ఉన్నాయనుకోండి. ఒకదానిలో 120 బాక్టీరియా కాలనీలు, ఇంకోదానిలో 140. ఆ రసాయనం డీఎన్ఏను మారుస్తోందని చెబుతున్నది 120 ఉన్న ప్లేటు. 140 ఉన్న ప్లేటు మాత్రం బాక్టీరియా చచ్చిపోయిందని తప్ప మరేమీ చెప్పడం లేదు. లెక్క ఎక్కువైన చోట ఉత్పరివర్తన ఎందుకు లేదో తెలియాలంటే, ముందు ఆ ప్లేటు మీద ఏం పెరుగుతోందో తెలియాలి.

1970లలో బ్రూస్ ఏమ్స్ బృందం బర్కిలీలో రూపొందించిన ఈ పరీక్ష సాల్మొనెల్లా టైఫిమ్యూరియం అనే బాక్టీరియాతో చేస్తారు. మామూలు సాల్మొనెల్లా తనకు కావలసిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తనే తయారు చేసుకుంటుంది. పరీక్షకు వాడే రకాలకు ఆ శక్తి లేదు, ఎందుకంటే వాటి హిస్టిడిన్ జన్యువులో ముందే ఒక తప్పు ఉంది. ఉదాహరణకు టీఏ98 అనే రకంలో చదువు వరుస ఒక అక్షరం తగ్గి జరిగిపోయింది. కణం జన్యువును మూడేసి అక్షరాలుగా చదువుతుంది కాబట్టి అక్కడి నుంచి అంతా అర్థం లేని వరుసే. ఆ దగ్గరలోనే సీజీసీజీసీజీసీజీ అని సాగే ఒక భాగముంది. అక్కడ ఇంకో రెండు అక్షరాలు ఊడిపోతే పోయినవి మొత్తం మూడవుతాయి, చదువు వరుస తిరిగి దారిలో పడుతుంది. ఆ కణం మళ్లీ హిస్టిడిన్ తయారు చేసుకుంటుంది, హిస్టిడిన్ లేని ప్లేటు మీద కాలనీ కడుతుంది. దాన్నే రివర్టెంట్ అంటాం. టీఏ100, టీఏ1535 రకాల్లో తప్పు వేరు. అక్కడ ఒక అక్షరం స్థానంలో మరొకటి చేరింది, కాబట్టి అక్షరం మారితేనే తిరిగి బాగవుతాయి. ఒక్క రకంతో పని జరగకపోవడానికి కారణం ఇదే. అంతర్జాతీయ ఓఈసీడీ 471 మార్గదర్శకం కనీసం ఐదు రకాలు కావాలంటుంది.

చేసే పని పైకి తేలికగానే కనిపిస్తుంది. రాత్రంతా పెంచిన కల్చర్ 0.1 మిల్లీలీటరు తీసుకుంటే అందులో సుమారు 10 నుంచి 20 కోట్ల కణాలుంటాయి. దానికి పరీక్షించే ద్రావణం 0.1 మిల్లీలీటరు, ఎస్9 మిశ్రమం గానీ, దాని బదులు ఫాస్ఫేట్ బఫర్ గానీ 0.5 మిల్లీలీటరు చేరుస్తారు. ఇవన్నీ 45 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న 2 మిల్లీలీటర్ల పలుచని అగార్ అనే జెల్లీలో కలిపి, గ్లూకోజ్ ఉండి హిస్టిడిన్ లేని గట్టి అగార్ ప్లేటు మీద పోసి సమంగా పరుస్తారు. 37 డిగ్రీల దగ్గర 48 నుంచి 72 గంటలు ఉంచి లెక్కపెడతారు. పై అగార్ మరీ వేడిగా ఉంటే కణాలు చస్తాయి. చల్లారితే గడ్డలు కట్టి కాలనీలు ఒక పక్కకే గుమిగూడతాయి. ఎస్9 అంటే ఎంజైములను పెంచేలా ముందే మందిచ్చిన ఎలుకల కాలేయం నుంచి తీసిన ఎంజైముల ద్రవం. చాలా రసాయనాలు తమంతట తాము హాని చేయవు, కాలేయం వాటిని మార్చాకే డీఎన్ఏకు అతుక్కుంటాయి. బాక్టీరియాకు కాలేయం లేదు కాబట్టి దాన్ని బయటి నుంచి అందిస్తాం.

పై అగార్‌లో కొద్దిపాటి హిస్టిడిన్ కలుపుతారు, 0.05 మిల్లీమోలార్ చొప్పున. హిస్టిడిన్ లేని ప్లేటు కావాలనుకుంటూ మళ్లీ హిస్టిడిన్ కలపడమేమిటి అనిపిస్తుంది. డీఎన్ఏకు కలిగిన గాయం ఉత్పరివర్తనగా స్థిరపడాలంటే కణం కొన్నిసార్లు విభజన చెందాలి. ఆ కొద్ది హిస్టిడిన్ అందుకు సరిపడా మాత్రమే. అది అయిపోగానే రివర్టెంట్ కాని కణాలన్నీ ఆగిపోతాయి. ఆగిపోయిన ఆ కోట్ల కణాలు ప్లేటంతా పలుచని మసక పొరలా కనిపిస్తాయి. దీన్ని లాన్ అంటారు. కాలనీలు లెక్కపెట్టే ముందు మైక్రోస్కోపు కింద ఈ లాన్‌ను చూడాలి. చాలామంది చూడకుండా వదిలేసేదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ఇప్పుడు మొదటి రెండు ప్లేట్ల సంగతికి వద్దాం. డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించిన ఒక ఆరోమాటిక్ అమైన్‌ను టీఏ98 మీద పరీక్షించారనుకుందాం. మోతాదులు ప్లేటుకు 50, 150, 500, 1500, 5000 మైక్రోగ్రాములు. విషప్రభావం లేని పదార్థానికి మామూలుగా 5000 పైహద్దు. ప్రతి మోతాదుకూ మూడు ప్లేట్లు.

ముందు ఎస్9 లేని వరుస. ద్రావకం మాత్రమే వేసిన కంట్రోల్ ప్లేట్లలో 24, 31, 27 వచ్చాయి, సగటు 27. ఏ రసాయనమూ లేకుండానే ఇన్ని ఎందుకంటే, కోట్ల కణాల్లో కొన్ని వాటంతట అవే తిరిగి బాగవుతాయి. టీఏ98కు ప్లేటుకు 20 నుంచి 50 రావడం మామూలు. 50 నుంచి 500 మైక్రోగ్రాముల దాకా లెక్క అక్కడక్కడే ఉంది. 1500 దగ్గర 22కు తగ్గింది, లాన్ కాస్త పలచబడింది. 5000 దగ్గర ఒక్కసారిగా 138, 151, 131, అంటే సగటు 140. కంట్రోల్‌కు ఐదు రెట్లు! కానీ మైక్రోస్కోపులో లాన్ దాదాపు లేదు. కాలనీలు సూదిమొన లాగా చిన్నవి, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయి. కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి కాబట్టి, కోట్ల మందికి పంచాల్సిన హిస్టిడిన్ మిగిలిన కొద్ది కణాలకే దక్కింది. అవి ఒక్కొక్కటి మామూలు కన్నా చాలా ఎక్కువసార్లు విభజన చెంది కంటికి కనిపించే చుక్కలయ్యాయి. జన్యువు మాత్రం పాడైనది పాడైనట్టే ఉంది. నిర్ధారణకు అలాంటి పది చుక్కలను తీసి, బయోటిన్ ఉండి హిస్టిడిన్ లేని ప్లేటు మీద గీయాలి. నిజమైన రివర్టెంట్లు పెరుగుతాయి, ఇవి పెరగవు. (ఈ రకాలకు బయోటిన్ కూడా కావాలి. డీఎన్ఏ మరమ్మతు జన్యువును తొలగించినప్పుడు పక్కనున్న బయోటిన్ జన్యువు కూడా పోయింది. బయోటిన్ మరచిపోతే నిజమైన రివర్టెంటు కూడా పెరగదు, తీర్పు తలకిందులవుతుంది.)

ఇక ఎస్9 ఉన్న వరుస. దీని కంట్రోల్ దీనిదే: 34, 29, 36, సగటు 33. ఎస్9తో లెక్క కొంచెం పెరగడం తరచూ చూస్తాం. అందుకే ఈ వరుసను పక్క వరుస కంట్రోల్‌తో పోల్చకూడదు. 50 మైక్రోగ్రాముల దగ్గర 38, 150 దగ్గర 62, 500 దగ్గర 120, 1500 దగ్గర 185, 5000 దగ్గర 74. 500 దాకా లాన్ నిండుగా ఉంది, కాలనీలు పెద్దవి. 120 అంటే కంట్రోల్‌కు 3.6 రెట్లు. అంతకన్నా నన్ను ఒప్పించేది మోతాదుతో పాటు లెక్క ఎక్కిన తీరు. 150 దగ్గర కంట్రోల్ కన్నా 29 ఎక్కువ, అంటే మైక్రోగ్రాముకు సుమారు 0.19 రివర్టెంట్లు. 500 దగ్గర 87 ఎక్కువ, మైక్రోగ్రాముకు 0.17. రెండూ ఒకే వాలు మీద ఉన్నాయి. 1500 దగ్గర అది 0.1కి పడిపోయింది, అంటే విషప్రభావం అక్కడే మొదలైంది. 5000 దగ్గర 74కు దిగడాన్ని చూసి మోతాదు పెంచితే ప్రభావం తగ్గింది కాబట్టి ఫలితం అనుమానాస్పదం అనడం పొరపాటు. బాగైన కణాలు కూడా చచ్చిపోతే కాలనీ కట్టేదెవరు? ఈ పదార్థం బలాన్ని చెప్పాలంటే మొదటి వాలునే తీసుకోవాలి, పై మోతాదులను కాదు.

50 మైక్రోగ్రాముల దగ్గర 38 మాటేమిటి? అది పెరుగుదల అనడానికి వీల్లేదు. ఇలాంటి లెక్కల్లో యాదృచ్ఛికంగా వచ్చే తేడా సగటుకు వర్గమూలమంత ఉంటుంది, నిజమైన ప్లేట్లలో ఇంకాస్త ఎక్కువే. 33కు వర్గమూలం దాదాపు 6. కాబట్టి 38 కంట్రోల్ పరిధిలోనిదే.

కంట్రోల్‌కు రెండు రెట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పాజిటివ్ అనే వాడుక సూత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఈ వర్గమూలమే చెబుతుంది. టీఏ100లో కంట్రోల్ సగటు 119, ఒక మోతాదు దగ్గర 190 అనుకోండి. 1.6 రెట్లే కాబట్టి సూత్రం ప్రకారం నెగెటివ్. కానీ 119కి వర్గమూలం సుమారు 11, తేడా 71. మోతాదుతో పాటు ఎక్కుతూ వచ్చి, మళ్లీ చేసినా అలాగే వస్తే దీన్ని తోసిపుచ్చకూడదు. దీనికి ఎదురు టీఏ1535. దానికి సహజంగా ప్లేటుకు 5 నుంచి 20 వస్తాయి. ఒక రోజు కంట్రోల్‌లో 6, 5, 7 వచ్చి, ఒక మోతాదు దగ్గర 13, 12, 11 వస్తే సరిగ్గా రెండు రెట్లు. అయితే 12 అనేది ఆ ప్రయోగశాలలో ఏ రోజైనా కంట్రోల్‌గా వచ్చే అంకె. ఆ రోజు కంట్రోల్ తక్కువ పడింది, అంతే. అందుకే ఇలాంటి రకాలకు మూడు రెట్లు అడుగుతారు. ఆ రోజు కంట్రోల్‌ను చూసినంత శ్రద్ధగా, అదే ప్రయోగశాలలో నెలల తరబడి వచ్చిన కంట్రోళ్ల పరిధిని కూడా చూడాలి.

ఆ పాత లెక్కల వల్ల ఇంకో మేలుంది, కల్చర్ చెడితే ముందే తెలుస్తుంది. టీఏ100కు మామూలుగా నూరు చుట్టూ ఉండే లెక్క 15కు దిగిందంటే పీకేఎం101 అనే ప్లాస్మిడ్, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం, పోయినట్టు అనుమానించాలి. అది పోతే టీఏ100కూ టీఏ1535కూ తేడా ఉండదు. ఆ ప్లాస్మిడే ఆంపిసిలిన్‌ను తట్టుకునే శక్తి ఇస్తుంది కాబట్టి, ఆంపిసిలిన్ ప్లేటు మీద పెరగకపోతే అనుమానం నిజమే. లెక్క మరీ పెరిగితే పై అగార్‌లో హిస్టిడిన్ ఎక్కువ పడిందేమో చూడాలి. లేదా రాత్రి కల్చర్ మొదలైన కాసేపటికే ఒక రివర్టెంటు పుట్టి తెల్లారేసరికి వంశం పెంచుకుని ఉండవచ్చు.

పాజిటివ్ కంట్రోల్ పని వేరు. ఎస్9 లేకుండా టీఏ98కు 2-నైట్రోఫ్లోరీన్, టీఏ100కు సోడియం అజైడ్ వాడతారు. ఎస్9తో 2-అమైనోఆంత్రసీన్ వాడతారు. ఇవి లెక్కను బాగా పెంచకపోతే, పరీక్షించిన పదార్థం నెగెటివ్ అని చెప్పే హక్కు ఆ రోజు మనకు లేదు. అయితే 2-అమైనోఆంత్రసీన్ ఒక్కటే ఎస్9 నాణ్యతకు సాక్ష్యం కాదు. బలహీనమైన ఎస్9 కూడా దాన్ని మార్చేయగలదు. ఎస్9 కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా బెంజోపైరీన్ లాంటి మరో పదార్థంతో కూడా చూసుకోవాలి.

పదార్థంలోనే హిస్టిడిన్ ఉన్నప్పుడు ఈ మొత్తం పద్ధతి చిక్కులో పడుతుంది. మూత్రం గాఢత పెంచిన నమూనాలు, మాంసం సారాలు, ప్రోటీను విచ్ఛిన్నమైన ద్రవాలు ఇలాంటివి. వాటిలోని హిస్టిడిన్‌తో కణాలన్నీ మామూలు కన్నా ఎక్కువసార్లు విభజన చెందుతాయి. సహజంగా వచ్చే రివర్టెంట్లు కూడా పెరుగుతాయి, మోతాదుతో పాటు చక్కగా ఎక్కుతాయి కూడా. ఇక్కడ కాలనీలు నిజమైన రివర్టెంట్లే కాబట్టి వాటిని గీసి చూసినా మోసం బయటపడదు. పట్టిచ్చేది మళ్లీ లాన్. విషప్రభావంలో పలచబడేది ఇక్కడ కంట్రోల్ కన్నా చిక్కగా ఉంటుంది. అప్పుడు ప్లేటు మీద పదార్థాన్ని వేయకుండా, కణాలను నమూనాతో ద్రవంలోనే కొంతసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కడిగి, తర్వాత పరుస్తారు. లాన్ కంట్రోల్ లాగే ఉండి, కాలనీలు ఇంకా ఎక్కువగానే వస్తే, ఆ పెరుగుదల నమూనాలోని ఉత్పరివర్తకానిది.