సబ్బు పెట్టి కడిగినా బిరుసెక్కే బ్రష్షులు

నల్లగొండలో మా పిన్ని కూతురు పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంది. శ్రావణమాసం సీజన్‌లో వాళ్లింటికి వెళ్తే, కిటికీలో ఆరబెట్టిన ఫౌండేషన్ బ్రష్ ఒకటి చేతికి తగిలింది. కుచ్చు చీపురులా బిరుసుగా ఉంది. గోటితో గీరితే తెల్లటి పొడి రాలింది.

"సబ్బు పెట్టి మంచిగనే కడుగుతున్న అక్కా, అయినా గిట్లనే ఐతున్నయి" అంది.

ఆమె కడిగేది బోరు నీళ్లతో. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, బ్రష్షులను పాడుచేసేవి కాల్షియం, మెగ్నీషియం. సబ్బు ఈ రెండింటితో కలిస్తే నీళ్లలో కరగని జిగట తెట్టెగా మారుతుంది. బకెట్ అంచున పట్టే తెల్లచారలో ఇదీ ఉంటుంది. అది కుచ్చులో ఇరుక్కుని, పాత ఫౌండేషన్ జిడ్డునూ చర్మపు పొట్టునూ పోనివ్వదు. షాంపూలో మురికి వదిలించే పదార్థం వేరు, అది కాల్షియంతో అంత తేలిగ్గా గడ్డకట్టదు.

కప్పు నీళ్లలో చెంచా వెనిగర్ కలిపి కుచ్చు కొసలను రెండు నిమిషాలు ముంచాం. పులుపుకు తెట్టె పట్టు సడలుతుంది. తర్వాత రెండు చుక్కల బేబీ షాంపూ అరచేతిలో వేసి కుచ్చును గుండ్రంగా తిప్పితే మొదట గోధుమరంగు నురగ వచ్చింది. మూడోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. చివరగా ఫిల్టర్ నీళ్లతో జాడించి, కుచ్చు గాల్లో ఉండేలా బల్ల అంచున పడుకోబెట్టాం. నిలబెట్టి ఆరబెడితే నీళ్లు రేకు తొడుగులోకి దిగి జిగురు వదులవుతుంది, వెంట్రుకలు రాలతాయి.

సొంత బ్రష్షులైతే వారం, పది రోజులకోసారి చాలు. పార్లర్‌లో మాత్రం ఒకరికి వాడింది కడిగి ఆరాకే ఇంకొకరికి వాడాలి. చాలామంది 70 శాతం ఆల్కహాల్ స్ప్రే కొట్టి సరిపెడతారు. అది చాలా క్రిములను చంపుతుంది నిజమే, కానీ జిడ్డు అక్కడే ఉంటుంది, దాని కింద దాక్కున్నవి బతికిపోతాయి.

అసలు తలనొప్పి స్పాంజితో. తడి, జిడ్డు, చీకటి మూడూ దాని లోపలే ఉంటాయి. 2019లో ఇంగ్లండ్‌లోని ఆస్టన్ యూనివర్సిటీ వాళ్లు జనం వాడిన మేకప్ సామాన్లను పరీక్షిస్తే, క్రిములు అన్నిటికన్నా ఎక్కువగా స్పాంజిల్లోనే దొరికాయి. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివేనట! స్పాంజిని వాడిన ప్రతిసారీ షాంపూతో పిండాలి. పిండిన నీళ్లలో రంగు కనిపించినంతసేపూ పని కాలేదన్నట్టే. ఆపైన డబ్బాలో మూసిపెట్టకుండా గాలికి ఆరనివ్వాలి.

చెల్లెలి పెట్టెలో గులాబీరంగు స్పాంజి ఒకటి పైకి శుభ్రంగానే కనిపించింది.

"ఎప్పుడు కొన్నవే?"

"దసరాకు."

బ్లేడుతో మధ్యకు కోశాం. లోపల ఆవగింజలంత నల్లచుక్కలు, బూజు. లోపలిదాకా పాకిన బూజును ఏ షాంపూ వదిలించలేదు. మిగతా మూడు స్పాంజిలను కూడా ఆమే తీసి కోయడం మొదలుపెట్టింది.