సూర్యాస్తమయానికి ఒక పిడికిలి ముందు

ఫోన్‌లో సూర్యాస్తమయం 6:10 అని చూసుకుని, సరిగ్గా 6 గంటలకు కొండ మీది వ్యూ పాయింట్‌కి చేరితే సూర్యుడు ఎప్పుడో కనుమరుగై ఉంటాడు. ఫోన్ తప్పు చెప్పలేదు. అడ్డేమీ లేని చదునైన దిగంతం ఉందనుకుని, సూర్యబింబం పై అంచు దాని కిందికి జారే క్షణాన్ని అది లెక్క కట్టింది. సముద్రం మీద ఆ లెక్క నప్పుతుంది. పడమట కొండల వరుస ఉంటే మాత్రం మనకు ఆ కొండ అంచే దిగంతం.

ఎంత ముందుగా వెళ్లాలో పిడికిలితో కొలవచ్చు. చేయి పూర్తిగా చాచి చూస్తే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి ఒక పిడికిలి అంటే 40 నిమిషాలు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఏటవాలుగా దిగుతాడు. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర మార్చిలోనో సెప్టెంబరులోనో అదే పిడికిలికి దాదాపు గంట పడుతుంది.

చాలామంది పొరపడేది కొలత మొదలుపెట్టే చోట. కొండ పాదం నుంచి కాదు, మన కంటి మట్టం నుంచి కొలవాలి. సగం నీళ్లున్న సీసాను కళ్లెదురుగా పట్టుకుని, నీటి ఉపరితలం ఒక్క గీతలా కనిపించేలా సర్దితే అదే కంటి మట్టం. 20 డిగ్రీల అక్షాంశంలో, మార్చి చివర్లో, ఆ గీత మీద కొండ అంచు ఒక పిడికిలి ఎత్తుంటే 6:10కి బదులు 5:27 ప్రాంతంలోనే సూర్యుడు దాని వెనక్కి వెళ్లిపోతాడు.

దిక్కు కూడా నెలను బట్టి మారుతుంది. అదే అక్షాంశంలో సూర్యుడు జూన్‌లో నేరు పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. ఎవరో పెట్టిన ఫొటోలో రెండు శిఖరాల మధ్య సూర్యుడు అందంగా దిగుతుంటే, నేను ముందు చూసేది అది ఏ నెలలో తీసిందో. ఉదయాలకూ ఇంతే. తూర్పు ముఖంగా ఉన్న బీచ్‌కి దక్షిణాన కొండ ఉంటే, జూన్‌లో నీళ్లలోంచి లేచిన సూర్యుడు డిసెంబరులో ఆ కొండ వెనక నుంచి రావచ్చు.

ఇక రంగు సంగతి. పిడికిలి ఎత్తులో కొండ వెనక్కి వెళ్లే సూర్యుడు ఎర్రగా ఉండడు. దిగంతం దగ్గరి సూర్యకాంతి దాటొచ్చే గాలిలో అక్కడ ఏడో వంతే అడ్డొస్తుంది, నీలం రంగు అంతగా చెదిరిపోదు. ఎర్రటి బంతి కావాలంటే సముద్రమో, చుట్టూ తెరిపిగా ఉన్న శిఖరమో ఎంచుకోవాలి. లోయలోనే ఉండిపోతే సూర్యుడు దాక్కున్నాక పడమరకు వీపు తిప్పి కూర్చోండి. ఎదుటి తూర్పు శిఖరం అప్పటికింకా ఎండలోనే ఉంటుంది. ఫోన్ చెప్పిన 6:10 దగ్గరపడేకొద్దీ అది ఎరుపెక్కుతుంది. ఆ తర్వాత దారి కనిపించే వెలుగు ఈ అక్షాంశాల్లో దాదాపు 20 నిమిషాలే ఉంటుంది, టార్చ్ చేతిలో ఉండాలి.