నీటి చుక్క దగ్గర ఆగిపోయిన అణుభారం

మోనోమర్‌లనే చిన్న అణువులు కలిసి పొడవాటి గొలుసుగా మారడమే పాలిమరీకరణం. అందులో సంకలన, సంఘనన పాలిమరీకరణాలన్న విభజనను 1929లో ప్రతిపాదించినవాడు అమెరికా రసాయన కంపెనీ డ్యూపాంట్ శాస్త్రవేత్త వాలెస్ కరోథర్స్. ఆయన చూసింది లెక్క మాత్రమే. మోనోమర్‌లోని పరమాణువులన్నీ గొలుసులో మిగిలితే సంకలనం, నీరులాంటి చిన్న అణువు బయటికి పోతే సంఘననం.

ఆ నీరే ఆయనకు అడ్డు పడింది. ఆమ్లం, ఆల్కహాల్ కలిపి పాలియెస్టర్ చేస్తుంటే అణుభారం ఆరు వేల దగ్గర ఆగిపోయేది. ఎస్టర్ చర్య రెండు వైపులా నడుస్తుంది కాబట్టి, పుట్టిన నీరు అక్కడే ఉంటే కట్టిన బంధాన్నే మళ్లీ తెంచుతుంది. 1930 ఏప్రిల్‌లో ఆయన సహచరుడు జూలియన్ హిల్ ఆ పదార్థాన్ని మాలిక్యులర్ స్టిల్‌లో, అంటే గట్టి శూన్యంలో వేడిచేసి, నీటిని వెంటవెంటనే లాగేశాడు. అణుభారం 12,000కు చేరింది. చల్లారాక లాగితే తెగకుండా సాగే పోగు వచ్చింది.

ఇంత పట్టుబట్టాల్సిన అవసరం ఎందుకో కరోథర్స్ సమీకరణమే చెబుతుంది: Xn = 1/(1−p). చర్య జరిగిన సమూహాల వంతు p, గొలుసులోని సగటు యూనిట్లు Xn. డైఅమీన్, ఆమ్లం కలిపి చేసే నైలాన్ 66లో ఒక్కో యూనిట్ సగటు భారం 113. చర్య 98 శాతం పూర్తయితే 50 యూనిట్లు, అంటే దాదాపు 5,650. ఇంకెక్కడైనా 98 శాతం గొప్ప దిగుబడే, ఇక్కడ మాత్రం పెళుసు సరుకు. 99.5 శాతానికి చేరితే 200 యూనిట్లు, 22,600. చివరి ఒకటిన్నర శాతంలోనే అణుభారం నాలుగింతలైంది.

రెండో ఉచ్చు పాళ్లు. డైఅమీన్ రెండు శాతం ఎక్కువైతే, చర్య పూర్తిగా ముగిసినా గొలుసు 100 యూనిట్ల దగ్గరే నిలిచిపోతుంది. చివరలన్నీ అమీన్‌లే అయ్యాక కలవడానికి ఆమ్లం మిగలదు. అందుకే ముందు డైఅమీన్‌నూ ఆమ్లాన్నీ కలిపి నైలాన్ లవణం చేస్తారు. అందులో పాళ్లు ఒకటికి ఒకటిగా కుదురుతాయి. డైఅమీన్ ఆవిరై తప్పించుకుంటుందని మొదట పీడనంలో వేడిచేసి, తర్వాత ఆవిరిని వదిలి నీటిని తీసేస్తారు. కరుగు చిక్కబడకుండా ఉండిపోతే పాళ్లనో, మిగిలిన నీటినో అనుమానించాలి.

ఇథిలీన్ తీరు వేరు. ప్రారంభకంగా వేసిన పెరాక్సైడ్ నుంచి పుట్టిన రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్క, ఒకదాని తర్వాత ఒకటిగా వేల మోనోమర్‌లను క్షణాల్లో చేర్చుకుంటుంది. పది శాతమే మారినా ఆ పది శాతం పెద్ద గొలుసులే, మిగతాది మారని మోనోమర్. సమయం పెంచితే దిగుబడి పెరుగుతుంది కానీ, మొత్తమ్మీద గొలుసు పొడవు పెద్దగా పెరగదు. ప్రారంభకం ఎక్కువ వేస్తే గొలుసులు పొట్టివవుతాయి.

కరోథర్స్ బృందంలోనే పనిచేసిన పాల్ ఫ్లోరీ ఈ తేడానే అసలు గీటురాయిగా తీసుకున్నాడు. 1953 నాటి తన పుస్తకంలో ఉప ఉత్పన్నాన్ని పక్కనపెట్టి, గొలుసు ఎలా పెరుగుతుందో చూసి వర్గీకరించాడు. చైన్ గ్రోత్, స్టెప్ గ్రోత్ అన్న జంటకు మూలం ఆ వర్గీకరణే: ఇథిలీన్‌ది చైన్ గ్రోత్, నైలాన్‌ది స్టెప్ గ్రోత్. పాలియురిథేన్‌లో నీరు పోదు కాబట్టి పాత లెక్కలో అది సంకలనం. అయినా ఏ రెండు చివరలైనా కలవగలవు, పాళ్లు తప్పితే గొలుసు ఆగుతుంది, కాబట్టి తీరులో అది స్టెప్ గ్రోతే. సంకలనం అన్న మాట చూసి పాళ్ల విషయంలో ఉదాసీనంగా ఉంటే దెబ్బతినేది ఇక్కడే.